కిటికీలు కదలకుండా క్లాడింగ్ ఒక్కటే మార్చిన పని: హన్మకొండలో నా అనుభవం

సంక్రాంతి అయిన వారానికి హంటర్ రోడ్డు వైపు ఇల్లు కట్టుకుంటున్న ఒక ఓనర్ నుంచి ఫోన్ వచ్చింది. కింద షాపులు, పైన రెండు అంతస్తులు. స్లాబులన్నీ పడ్డాయి, లోపల ప్లాస్టరింగ్ నడుస్తోంది. ముందువైపు ఎడమ పక్కన రెండు అంతస్తుల ఎత్తున, పన్నెండు అడుగుల వెడల్పున ఒక భాగం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏడాది కింద వేరే డిజైనర్ చేసిచ్చిన ఎలివేషన్ బొమ్మలో ఆ భాగానికంతా క్లాడింగ్‌గా, అంటే గోడ పైతొడుగుగా, చెక్క రంగు హెచ్‌పీఎల్ అనే లామినేట్ షీట్లు చూపించారు. ఎండకు రంగు పోతుందని ఎవరో చెప్పడంతో ఓనర్ మనసు మార్చుకున్నాడు.

"చెక్క వద్దు తమ్మీ, రాయి పెడదాం. బూడిద రంగు గ్రానైట్, గరుకు ఫినిష్. బొమ్మల అది ఒక్కటే మార్చియ్యి. కిటికీలకు మాత్రం చెయ్యి పెట్టకు, అవి ఆర్డర్ అయినయ్, అడ్వాన్స్ ఇచ్చిన."

అసలు షరతు ఆ చివరి మాటలోనే ఉంది. ముదురు బూడిద రంగు యూపీవీసీ కిటికీలు అప్పటికే తయారీలో ఉన్నాయి. ఫ్రేము మందం, మధ్య కమ్మీ ఎక్కడ వస్తుంది, ఎన్ని పలకలు అన్నవన్నీ ఖాయమైపోయాయి. బొమ్మలో కిటికీ కొంచెం మారినా రేపు సైటులో "బొమ్మలో ఇలా లేదు కదా" అనే గొడవ వస్తుంది. అందుకే రాయి ఎలా కనబడుతుందన్న దానికంటే కిటికీ కదలకూడదన్నదే నాకు పెద్ద టెన్షన్ అయింది.

మామూలుగా అయితే ఇది చిన్న పని. పాత 3డీ ఫైలు తెరిచి, మెటీరియల్ మార్చి, మళ్లీ రెండర్ తీస్తే సరిపోతుంది. కానీ ఆ డిజైనర్ ఇప్పుడు ఈ పనిలో లేడు, ఫైలు దొరకలేదు. ఉన్నది బొమ్మ ఒక్కటే. 3డీ మోడల్ మొదటి నుంచి కట్టాలంటే పన్నెండు వేలు, ఉన్న బొమ్మలోనే క్లాడింగ్ మారిస్తే మూడున్నర వేలు అని చెప్పాను. "మూడున్నరదే చెయ్యి" అన్నాడు.

మొదటి ఆలస్యం బొమ్మ దగ్గరే. ఓనర్ వాట్సాప్‌లో పంపిన బొమ్మను దగ్గరికి లాగి చూస్తే కిటికీ ఫ్రేములు మసకబారి ఉన్నాయి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. అలాంటి బొమ్మ మీద ఎంత జాగ్రత్తగా పనిచేసినా ఫ్రేము అంచు ఎక్కడుందో మనకే తెలియదు. పాత మెయిల్‌లో అటాచ్‌మెంట్ ఉంటుందేమో వెతకమన్నాను. వాళ్ల అమ్మాయి రెండు రోజులకు వెతికి పంపింది. 3840 పిక్సెళ్ల వెడల్పు, 2160 ఎత్తు ఉన్న అసలు ఫైలు అది. ఎవరైనా ఈ పని మొదలుపెట్టేముందు అసలు ఫైలు చేతికి వచ్చేదాకా ఆగడం మంచిది. వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

నేను వాడింది నా కంప్యూటర్‌లోనే నడిచే కంఫీయూఐ అనే ఏఐ బొమ్మల సాఫ్ట్‌వేర్, దాంట్లో ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే ఏఐ మోడల్. గ్రాఫిక్స్ కార్డు 12 జీబీది. కోతలూ అతుకులూ ఫోటోషాప్‌లో. ఎక్కడ మార్చాలో గుర్తుపెట్టే మాస్క్ లేకుండా, మాటలు రాసి బొమ్మ మార్చే ఆన్‌లైన్ సైటు ఒకటి కూడా చూశాను. గోడ అందంగానే మారింది, కానీ రెండు పలకల కిటికీ మూడు పలకలైంది, సజ్జ పల్చబడింది. అది చూశాక ఓనర్‌కు ఆ దారి చూపించలేదు.

ముందుగా స్కేలు పట్టాను. కిటికీ ఎత్తు అయిదు అడుగులని వర్కింగ్ డ్రాయింగ్‌లో ఉంది. బొమ్మలో అదే కిటికీ కొలిస్తే 225 పిక్సెళ్లు వచ్చింది. అంటే అడుగుకు 45 పిక్సెళ్లు. ఈ ఒక్క లెక్క తర్వాత నాకు అడుగడుగునా పనికొచ్చింది. రాతి పలకలు రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు అని ఓనర్, మేస్త్రీ కలిసి అనుకున్నారు. కాబట్టి బొమ్మలో ఒక్కో పలక 90 పిక్సెళ్ల పొడవు, 45 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. కిటికీ పక్కన నిలబెట్టి లెక్కిస్తే సరిగ్గా అయిదు వరుసలు రావాలి. నాలుగొచ్చినా తప్పే, ఏడొచ్చినా తప్పే. బొమ్మ కొంచెం పక్క నుంచి తీసింది కాబట్టి ఆ భాగం కుడి అంచుకు వెళ్లేసరికి అడుగు 43 పిక్సెళ్లకు తగ్గింది. నిలువు గీతలు మాత్రం నిటారుగానే ఉన్నాయి, అందువల్ల ఒకే అంచు మీద కింది అంతస్తుకూ పై అంతస్తుకూ కొలత మారలేదు.

ఆ తర్వాత మాస్క్. అసలు 3డీ ఫైలు ఉండి ఉంటే రెండర్‌తోపాటే మెటీరియల్ ఐడీ బొమ్మ కూడా తీసుకోవచ్చు. దాంట్లో ఒక్కో మెటీరియల్ ఒక్కో నిండు రంగులో వస్తుంది, క్లాడింగ్ రంగు మీద ఒక్క క్లిక్కుతో మాస్క్ అయిపోతుంది. మీ దగ్గర ఫైలు ఉంటే అదే చేయండి. నా దగ్గర లేదు కాబట్టి పెన్ టూల్‌తో ఒక్కో అంచూ గీశాను. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. మ్యాజిక్ వాండ్‌తో ఎందుకు పట్టలేదంటే, సజ్జ నీడలో ఉన్న చెక్క రంగు, కిటికీ ఫ్రేము ముదురు రంగు దాదాపు ఒకేలా ఉన్నాయి. వాండ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది.

గీస్తూ గీస్తూ కిటికీ పక్కల దగ్గర ఆగిపోయాను. ఫ్రేము గోడలోకి నాలుగు అంగుళాలు లోపలికి ఉంది. ఆ నాలుగు అంగుళాల పక్క గోడకు కూడా బొమ్మలో చెక్కే చుట్టి ఉంది. "కిటికీ ముట్టుకోవద్దు" అన్నప్పుడు ఆ పక్కలు కిటికీలోకి వస్తాయా, గోడలోకి వస్తాయా? వదిలేస్తే రాతి గోడ మధ్యలో చెక్క చట్రం మిగిలిపోతుంది. మారిస్తే కిటికీ చుట్టూ చూపే మారిపోతుంది. మేస్త్రీకి ఫోన్ చేశాను. "పక్కలకు గూడ రాయే మలుపుతం అన్నా, కింద సిల్ మాత్రం వేరే రాయి, అది అట్లనే ఉంచు" అన్నాడు. దాంతో పక్కలు మాస్క్‌లోకి వచ్చాయి, సిల్ బయట ఉండిపోయింది. ఈ ఒక్క ప్రశ్న సైటు మనిషిని అడగకపోతే బొమ్మ ఎంత బాగా వచ్చినా సైటుకు పనికిరాదు.

మాస్క్‌ను నలుపు తెలుపులో, మార్చాల్సిన చోటు తెలుపుగా, పీఎన్‌జీలో సేవ్ చేశాను. కంఫీయూఐలో ఒక్కో పని చేసే పెట్టెను నోడ్ అంటారు. `Load Image (as Mask)` నోడ్ తీసుకుని `red` ఛానెల్ ఎంచుకుంటే తెల్లచోటే మారుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. అదే మాస్క్‌ను పారదర్శకంగా కోసి మామూలు `Load Image`లో పెడితే, పారదర్శకంగా ఉన్న చోటు మారుతుంది. ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మారేటప్పుడు తిరగబడితే గోడ భద్రంగా ఉండి కిటికీలూ ఆకాశమూ మారిపోతాయి. మొదటిసారి నడిపేముందు మాస్క్‌ను ఒకసారి ప్రివ్యూలో చూసుకుంటే చాలు.

మొత్తం బొమ్మను మోడల్‌కు ఇవ్వలేదు. క్లాడింగ్ భాగం దాదాపు 540 పిక్సెళ్ల వెడల్పు, పిట్టగోడతో కలిపి 26 అడుగులకు 1170 పిక్సెళ్ల ఎత్తు. చుట్టూ కొంత చోటు వదిలి 768 వెడల్పు, 1408 ఎత్తు ఉన్న ముక్క కోశాను. ఈ రెండు అంకెలూ 8తో భాగించబడేవి, మొత్తం పిక్సెళ్లు ఎస్‌డీఎక్స్‌ఎల్‌కు అలవాటైన పది లక్షలకు దగ్గర. ముక్క కోసిన మూల ఎక్కడుందో గైడ్ గీతలతో గుర్తు పెట్టుకున్నాను, తిరిగి అక్కడే కూర్చోబెట్టాలి కదా.

మొదట `VAE Encode (for Inpainting)` నోడ్‌తో, ఉన్నదాన్ని ఎంత మార్చాలో చెప్పే `denoise` విలువ 1.0 మీద నడిపాను. ఒక్కో బొమ్మకు నిమిషం లోపే పట్టింది. చిన్న సైజులో చూస్తే భలే ఉంది. రాయి నిజమైన రాయిలాగే ఉంది, గరుకుదనం కూడా వచ్చింది. పెద్దది చేసి కిటికీ పక్కన వరుసలు లెక్కపెడితే తొమ్మిది వచ్చాయి. అంటే ఒక్కో రాయి ఎత్తు ఏడు అంగుళాల లోపే. పై కిటికీ పక్కన ఎనిమిది. పైగా ఎడమ వైపు వరుస గీత కిటికీ దాటి కుడి వైపు వచ్చేసరికి సగం రాయి పైకి జరిగింది. సజ్జ నీడ పూర్తిగా మాయమైంది. సజ్జ ఉంది, ఎండ ఉంది, దాని నీడ లేదు. కిటికీ లోపల నీడ అలాగే ఉండటంతో గోడ ఒక పూట, కిటికీ ఒక పూట అన్నట్టు కనబడింది.

ఇదంతా ఎందుకు జరిగిందో చెప్తాను. ఈ నోడ్ మాస్క్ లోపల ఉన్నదాన్ని తుడిచేసి మోడల్‌కు ఇస్తుంది. కింద ఏ నీడ ఉండేదో, గీతలు ఏ వాలులో పోయేవో దానికి తెలియదు. మాటల్లో "రెండడుగుల రాయి" అని ఎంత రాసినా దానికి అడుగంటే ఏమిటో తెలియదు. చుట్టుపక్కల చూసి ఊహించుకుంటుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం కిటికీ. మాస్క్ బయట ఉన్నది ముట్టుకోదని అందరూ అంటారు. ఫోటోషాప్‌లో పాత ముక్క మీద కొత్త ముక్క పెట్టి, లేయర్‌ను `Difference` మోడ్‌లోకి మార్చాను. తేడా లేని చోట కారు నలుపు రావాలి. గోడ వెలిగిపోవడం సరే, కిటికీల దగ్గర కూడా సన్నటి గీతలు కనిపించాయి. పైన ఒక `Levels` లేయర్ వేసి వెలుతురు పెంచితే ఫ్రేము, మధ్య కమ్మీ, బాల్కనీ రెయిలింగ్, చివరికి మాస్క్‌కు ఎంతో దూరంలో ఉన్న షాపు షట్టరు గీతలు కూడా తేలాయి. కంటికి మామూలుగా చూస్తే పట్టదు. కానీ మధ్య కమ్మీని నాలుగింతలు పెద్దది చేసి చూస్తే అంచు వంకరపోయి, ఒక చోట లావుగా ఒక చోట సన్నగా అయింది.

కారణం ఇది. ఈ మోడల్ బొమ్మను పిక్సెళ్లుగా చూడదు. ముందు నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించుకుంటుంది, అంటే 8×8 పిక్సెళ్ల గడికి ఒక గడి. పని అయ్యాక మళ్లీ విప్పుతుంది. మాస్క్ లోపలిదైనా బయటిదైనా బొమ్మంతా ఈ కుదించి విప్పడంలోంచి వెళ్లి రావాల్సిందే. నా బొమ్మలో రెండంగుళాల కమ్మీ మందం ఏడున్నర పిక్సెళ్లు. ఒక గడి కూడా నిండదు. అంత సన్నటిది విప్పేటప్పుడు యథాతథంగా రాదు. మాస్క్ అంచు కూడా ఆ గడులకే సర్దుకుంటుంది కాబట్టి మనం పిక్సెల్ పిక్సెల్‌కు గీసిన అంచు లోపల అంత కచ్చితంగా ఉండదు.

దీనికి మందు చాలా తేలిక. వచ్చిన ఫలితాన్ని నేరుగా వాడకుండా, అసలు బొమ్మ మీద మాస్క్ ఉన్న మేరకే అతికించాలి. కంఫీయూఐలో `ImageCompositeMasked` అనే నోడ్ ఉంది. `destination`కు అసలు ముక్క, `source`కు కొత్త ముక్క, `mask`కు అదే మాస్క్ ఇవ్వాలి. ఫోటోషాప్‌లో అయితే కొత్త లేయర్‌కు లేయర్ మాస్క్ తగిలిస్తే అదే పని. ఆ తర్వాత మళ్లీ `Difference` చూస్తే కిటికీలు, రెయిలింగ్, షట్టరు అన్నీ నల్లగా అయిపోయాయి. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ అతికింపు వాటంతటవే చేస్తాయి, కొన్ని చెయ్యవు. మీది చేస్తుందో లేదో `Difference` ఒక్కటే చెబుతుంది. సరిచూసేటప్పుడు రెండూ పీఎన్‌జీలే ఉండాలి. జేపీజీలో మళ్లీ సేవ్ చేస్తే ఆ సేవ్ చేయడం వల్లే బొమ్మంతా కొంచెం మారి, ఏ తేడా ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

కిటికీ సంగతి తేలింది కానీ, రాతి వరుసలూ నీడా మిగిలాయి. మాటలు మార్చి మార్చి నడపడం వల్ల లాభం లేదనిపించి, దారి మార్చాను. కొలతలు నేనే పెట్టి, పైపై నునుపు మాత్రమే మోడల్‌తో చేయించాలి.

రాళ్ల షాపుకు వెళ్లి ఓనర్ ఎంచుకున్న గ్రానైట్ ముక్కను నీడలో, ఎదురుగా నిలబడి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. ఫోటోషాప్‌లో ఆ రాతితో 90×45 పిక్సెళ్ల పలకలు పేర్చి, సందులు సన్నగా వదిలి, ఒక పెద్ద షీటులా చేశాను. ఒక్కో పలకను కొంచెం తిప్పి, కొంచెం వెలుతురు మార్చి పెట్టాను, లేకపోతే ఒకే మచ్చ అన్ని పలకల మీదా కనిపించి అచ్చు గుద్దినట్టుంటుంది. ఆ షీటును `Distort`తో లాగి నాలుగు మూలలూ క్లాడింగ్ భాగం నాలుగు మూలలకు సరిపెట్టాను. వరుసల గీతలు స్లాబు అంచు గీతతో, సిల్ గీతతో ఒకే వాలులో పోవాలి. అంతస్తు ఎత్తు పదకొండు అడుగులు, సిల్ రెండడుగుల మీద, లింటెల్ ఏడడుగుల మీద. అడుగు రాయి కాబట్టి వరుస గీతలు సిల్ దగ్గరా లింటెల్ దగ్గరా అచ్చంగా వచ్చి ఆగాయి. బొమ్మలో ఇది చూసిన మేస్త్రీ చాలా సంతోషపడ్డాడు, కిటికీ పైనా కిందా రాయి కోయాల్సిన పని తగ్గుతుంది కాబట్టి.

నీడ కోసం పాత బొమ్మలోనే కొలిచాను. ఎండ పడ్డ చెక్క మీద వెలుతురు విలువ 150 దగ్గర, అదే చెక్క సజ్జ నీడలో 75 దగ్గర ఉంది. అంటే నీడలో సగానికి తగ్గుతోంది. సజ్జ నీడ ఆకారాన్ని పాత బొమ్మ మీదే పెన్ టూల్‌తో గీసి, రాతి షీటు పైన `Multiply` లేయర్‌గా సగం బూడిద రంగు నింపాను. పాత బొమ్మను నలుపు తెలుపు చేసి పైన `Multiply` వేస్తే త్వరగా అవుతుంది కదా అంటారు. అలా చేస్తే చెక్క చారలు, షీట్ల మధ్య గాడులు కూడా నీడతోపాటు వచ్చి రాయి మీద దయ్యంలా కనబడతాయి. నీడ ఒక్కటే కావాలంటే చేత్తో గీయడమే మంచిది.

ఇలా తయారైన బొమ్మ కొలతల్లో సరిగ్గా ఉంది కానీ అతికించినట్టు చదునుగా ఉంది. దీన్ని `Set Latent Noise Mask` ద్వారా ఇచ్చి, `denoise` 0.4 దగ్గర నడిపాను. ఈ నోడ్ మాస్క్ లోపలిదాన్ని తుడవదు, ఉన్నదాని మీదే పని చేస్తుంది. పలకల సందుల్లో సన్నటి చీకటి, అంచుల దగ్గర రాయి విరిగిన మెరుపు, పక్కల మలుపు దగ్గర వెలుతురు మార్పు, అన్నీ కుదిరాయి. 0.6కు పెంచితే వరుసలు మళ్లీ అటూ ఇటూ పోవడం మొదలైంది. 0.25 దగ్గర చదునుగానే ఉండిపోయింది. నా బొమ్మకు 0.35 నుంచి 0.45 మధ్య పనికొచ్చింది. వరుసలు లెక్కపెట్టాను. కింద కిటికీ పక్కన అయిదు, పై కిటికీ పక్కన అయిదు.

తర్వాత మళ్లీ అసలు బొమ్మ మీద అతికించి, దగ్గరికి లాగి చూస్తే కిటికీ ఫ్రేము చుట్టూ ఒక సన్నటి గోధుమ రంగు గీత. ఒకటి రెండు పిక్సెళ్లే. పాత రెండర్‌లో ఫ్రేము అంచు, చెక్క రంగు కలిసిన పిక్సెళ్లు అవి. అవి సగం కిటికీవి, సగం గోడవి. మాస్క్‌ను లోపలికి జరిపితే గీత పోతుంది కానీ ఫ్రేము సన్నబడుతుంది, అది మనం చెయ్యకూడని పని. అందుకని మాస్క్ కదపకుండా, పైన `Color` మోడ్‌లో కొత్త లేయర్ పెట్టి, మూడు పిక్సెళ్ల బ్రష్‌తో బూడిద రంగు ఆ గీత వెంట నడిపాను. వెలుతురు మారదు, గోధుమ రంగు ఒక్కటే పోతుంది, ఫ్రేము మందం అంతే ఉంటుంది. రెండు కిటికీలకూ కలిపి గంట పట్టింది. ఓనర్ అంత దగ్గరగా చూడకపోవచ్చు. కానీ ఈ బొమ్మను ఫ్లెక్సీ వేయించి సైటు ముందు కడతామన్నారు, అంత పెద్దగా వేస్తే ఆ గీత కనబడుతుంది.

జాతర వారం మొదలయ్యేముందు బొమ్మ పంపాను. వాళ్లంతా మేడారం వెళ్లారు, పనివాళ్లు కూడా వెళ్లిపోయారు. నాలుగు రోజులకు కానీ జవాబు రాలేదు. వచ్చిన తర్వాత ఓనర్ మా ఆఫీసుకే వచ్చాడు, వాళ్ల అమ్మాయి కూడా వచ్చింది. పెద్ద స్క్రీన్ మీద చూపించాను. ఓనర్‌కు నచ్చింది. అమ్మాయి కాసేపు చూసి, "నాన్నా, బాల్కనీ అద్దంల ఇంకా చెక్కనే కనవడుతుంది" అంది.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. మొదటి అంతస్తు బాల్కనీ తలుపు అద్దం, పొడుచుకొచ్చిన భాగం పక్క గోడను ప్రతిబింబిస్తోంది. ఆ ప్రతిబింబం పాత రెండర్‌లో లెక్కగట్టింది. మనం గోడ మార్చాం, అద్దాన్ని ముట్టుకోలేదు, కాబట్టి అద్దంలో పాత గోడే ఉంది. అదే చూపుతో వెతికితే బాల్కనీ సీలింగ్ తెల్ల రంగు మీద కూడా చెక్క నుంచి పడ్డ ఎర్రటి ఛాయ లీలగా ఉంది. మాస్క్ పెట్టి ఎడిట్ చేసినప్పుడు ఇది తప్పదు. మళ్లీ రెండర్ తీస్తే ఇవన్నీ వాటంతటవే మారతాయి, ముక్క మార్చితే మారవు.

అద్దం లోపల మార్చాలా వద్దా అని వాళ్లనే అడిగాను, ఎందుకంటే మాట కిటికీలు ముట్టుకోవద్దనే. "ఫ్రేము కదలకుంటే చాలు, అద్దంల రంగు మార్చు" అన్నాడు ఓనర్. అక్కడ మోడల్‌ను అస్సలు వాడలేదు. ఫ్రేమును బయట ఉంచి అద్దం వరకే చిన్న మాస్క్ గీసి, `Color` లేయర్‌తో గోధుమ రంగును బూడిదలోకి తెచ్చాను. ప్రతిబింబంలో రాతి వరుసలు కనిపించవు, కానీ అద్దం మీద ఆకాశం కూడా పడుతోంది కాబట్టి రంగు మారితే కంటికి సరిపోయింది. సీలింగ్ ఛాయకూ అదే పని.

అదే కూర్చోడంలో "ఇంకో షేడు ముదురు చూద్దాం" అన్నాడు. మాస్క్, నీడ లేయర్, రాతి షీటు అన్నీ విడివిడిగా ఉన్నాయి కాబట్టి టీ వచ్చేలోపే చూపించగలిగాను. ముదురు రాయిలో కిటికీ ఫ్రేము కలిసిపోయి కనబడకుండా పోయింది. అది చూసి ఆయనే మొదటి రంగుకు తిరిగొచ్చాడు.

బొమ్మ ఖాయం చేసేముందు నేనే ఒక సంగతి ముందు పెట్టాను. ఆరు మిల్లీమీటర్ల హెచ్‌పీఎల్ షీటు చదరపు మీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోలు ఉంటుంది. ఇరవై మిల్లీమీటర్ల గ్రానైట్ 54 కిలోల దగ్గర ఉంటుంది. కిటికీలు తీసేస్తే ఆ భాగం దాదాపు 250 చదరపు అడుగులు, అంటే 23 చదరపు మీటర్లు. రెండు వందల కిలోలు మోయాల్సిన చోట టన్నుం పావు పడుతుంది, అదీ స్లాబు నుంచి బయటికి పొడుచుకొచ్చిన భాగం మీద. రాయి మందం, దాని వెనక క్లాంపులు లేదా సిమెంటు పట్టే చోటు కలిస్తే కిటికీ పక్కల లోతు కూడా నాలుగు అంగుళాలు దాటుతుంది. బొమ్మలో ఆ లోతు పాతదే ఉంది. ఈ రెండు సంగతులూ బొమ్మ కిందే రాసి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించమన్నాను.

ఇంజినీరు డ్రాయింగులు చూసి, రాయి పెట్టొచ్చు కానీ సిమెంటుతో అతికించడం వద్దు, స్టీలు క్లాంపులతో స్లాబు బీముకు పట్టించాలి అన్నాడట. పిట్టగోడ దగ్గర మాత్రం బరువు తగ్గించమన్నాడు. దాంతో పై నాలుగు అడుగులకు రాయి బదులు అదే రంగు టెక్స్‌చర్ పెయింట్ వేద్దామని ఓనర్ అంటున్నాడు. మాస్క్‌లో పిట్టగోడను విడదీసి పెట్టాను. పెయింట్ కంపెనీ షేడు కార్డు వచ్చాక ఆ ముక్క మళ్లీ చేయాలి, దానికి వేరే డబ్బులు వద్దని చెప్పాను.